ఓటీ ఒకటిన్నర రెట్లు అంటున్నారు: గంట రేటు ఎలా తేలుతుంది, చేతికి ఎంత రావాలి?

ప్రశ్న: చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నెల జీతం 15,600 రూపాయలు. అందులో బేసిక్, డీఏ కలిపి 12,480, ఇంటి అద్దె భత్యం 2,080, ప్రయాణ భత్యం 1,040. వారానికి ఆరు రోజులు, రోజుకు 8 గంటల షిఫ్టు. పోయిన నెల 30 గంటలు ఓటీ చేశాను. "గంట రేటుకు ఒకటిన్నర రెట్లు కట్టాం" అని 2,340 రూపాయలు ఇచ్చారు. ఈ లెక్క సరైనదేనా? మా చెల్లెలు నెల్లూరు దగ్గర రొయ్యల ప్లాంటులో కిలోల లెక్కన పని చేస్తుంది. ఆమెకు గంట రేటే లేదు కదా, ఓటీ ఎలా కట్టాలి?

సమాధానం:

సరైనది కాదు. మీకు రెండు చోట్ల తగ్గింది. మొదటిది గంట రేటు తేల్చడంలో, రెండోది ఆ ఒకటిన్నరలోనే. చాలామంది రెండోదాని గురించే వాదిస్తారు, మొదటిదాన్ని చూడరు. ఫ్యాక్టరీల హాజరు పట్టీలు, జీతాల పట్టీలు చూసే పనిలో చాలా ఏళ్లు ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, ఎన్ని రెట్లన్నది అందరి కళ్లకూ కనిపిస్తుంది, దేనికి రెట్లన్నది మాత్రం టైం ఆఫీసులోనే ఉండిపోతుంది. అందుకే ముందు గంట రేటు దగ్గర మొదలుపెడదాం.

మీకు ఇచ్చిన 2,340ని 30 గంటలతో భాగిస్తే గంటకు 78 వస్తుంది. 78 ఒకటిన్నర రెట్లయితే అసలు గంట రేటు 52 అన్నమాట. ఈ 52 ఎక్కడిది? 12,480ని 240తో భాగిస్తే సరిగ్గా 52. అంటే మీ అకౌంట్స్ వాళ్లు నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 240 గంటలని లెక్క వేశారు. ఎవరి ఓటీ లెక్కనైనా ఇలా వెనక్కి విప్పి చూసుకోవచ్చు. వచ్చిన డబ్బును గంటలతో భాగించండి, దాన్ని వాళ్లు చెప్పిన రెట్లతో, మీకైతే 1.5తో, భాగించండి, మీ బేసిక్, డీఏల మొత్తాన్ని ఆ వచ్చిన రేటుతో భాగించండి. చివరికి 240 తేలితే 30 రోజుల భాగహారం వాడారు, 208 తేలితే 26 రోజులది వాడారు. పే స్లిప్పు మీద ఈ సంఖ్య ఎక్కడా రాయరు, కానీ మూడు భాగహారాల్లో బయటపడుతుంది.

మీరు నెలకు 240 గంటలు పనిచేయడం లేదు. వారానికి ఒక సెలవు పోగా నెలకు సగటున 26 పని రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు. 12,480 రూపాయలు మీరు ఆ 208 గంటలకు తెచ్చుకుంటున్న వేతనం. కాబట్టి గంటకు 60 రూపాయలు. నెల జీతం నుంచి రోజు కూలి తేల్చడానికి 26తో భాగించడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పాత గ్రాట్యుటీ చట్టంలో నెల జీతగాడికి 15 రోజుల వేతనం తేల్చేటప్పుడు 26తోనే భాగించాలని స్పష్టంగా రాసి ఉండేది. "నెల జీతంలో ఆదివారాలకు కూడా ఇస్తున్నాం కదా, అందుకే 30" అని కొందరు యజమానులు వాదిస్తారు. ఆదివారం మీరు మిషను దగ్గర నిలబడటం లేదు. ఓటీ కట్టేది పనిచేసిన గంటకు కాబట్టి, మామూలు గంట విలువ కూడా పనిచేసిన గంటల మీదే తేలాలి. ఇంకొక పరీక్ష ఉంది. మీరు ఒక రోజు రాకపోతే ఎంత కోస్తున్నారో చూడండి. గైర్హాజరుకు 26తో భాగించి కోసి, ఓటీకి 30తో భాగించి ఇచ్చే చోట్లు నేను చూశాను. మీ పే స్లిప్పుల్లో అలాంటిది కనిపిస్తే దాన్ని భద్రంగా దాచుకోండి, వాదించాల్సిన పనే ఉండదు.

అయితే 60కి ఒకటిన్నర రెట్లు 90, ముప్పై గంటలకు 2,700. మీ ఫ్యాక్టరీ చెప్పిన ఒకటిన్నరనే ఒప్పుకున్నా 360 రూపాయలు తగ్గింది. ఇది కేవలం భాగహారంలో పోయిన డబ్బు.

ఇప్పుడు ఒకటిన్నర సంగతి. మన దేశంలో ఫ్యాక్టరీ కార్మికుడికి ఓటీ ఒకటిన్నర రెట్లు కాదు, రెండు రెట్లు. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 59 ఈ మాటే చెప్పింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్లు అమల్లోకి వచ్చాక కూడా అది మారలేదు. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ సెక్షన్ 27లో రెట్టింపు అనే ఉంది. వేతనాల కోడ్ సెక్షన్ 14లో మామూలు వేతన రేటుకు రెండు రెట్లకు తగ్గకూడదని ఉంది. మీది పెద్ద ఫ్యాక్టరీ కాదు, పది మంది కూడా లేరు అని ఎవరైనా అంటే ఈ వేతనాల కోడ్‌ను చూపించండి. అందులో ఇంతమంది కార్మికులు ఉంటేనే అన్న షరతు లేదు.

మరి ఒకటిన్నర అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? అది ఉత్తిది కాదు, వేరే చోట్ల చట్టమే. అమెరికాలో 1938 నాటి చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే గంట రేటుకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. సౌదీలో ఓటీ గంటకు మామూలు గంట వేతనం, దాని మీద బేసిక్‌లో సగం కలిపి ఇస్తారు. మన దేశంలోనే కనీస వేతనాల కేంద్ర నియమాల్లో వ్యవసాయ పనికి ఒకటిన్నర, మిగతా పనులకు రెట్టింపు అని ఉండేది. గల్ఫ్‌కు వెళ్లి వచ్చినవాళ్లు, ఇంటర్నెట్‌లో దొరికిన జీతాల షీటు దించుకుని వాడేవాళ్లు ఒకటిన్నర అని నమ్మడం నాకు అర్థమవుతుంది. చీమకుర్తిలో రాయి కోసే, పాలిష్ పట్టే ఫ్యాక్టరీకి మాత్రం అది వర్తించదు.

"నియామక పత్రంలో ఒకటిన్నర అని రాశాం, నువ్వు సంతకం పెట్టావు" అంటారేమో. చట్టం ఇచ్చినదానికంటే ఎక్కువ ఇస్తామన్న ఒప్పందం చెల్లుతుంది, తక్కువ ఇస్తామన్నది చెల్లదు. ఈ విషయంలో ప్రభుత్వాలకే వెసులుబాటు దొరకలేదు. కోవిడ్ సమయంలో గుజరాత్ ప్రభుత్వం ఫ్యాక్టరీల్లో పని గంటలు పెంచి, పెరిగిన గంటలకు మామూలు రేటే ఇస్తే చాలని నోటిఫికేషన్ ఇచ్చింది. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆ కాలానికి సెక్షన్ 59 ప్రకారం ఓటీ చెల్లించాలని చెప్పింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం తగ్గించలేనిదాన్ని ఒక ఫ్యాక్టరీ కాగితం తగ్గించలేదు.

కాబట్టి పోయిన నెలకు మీ లెక్క ఇలా ఉంటుంది. గంట రేటు 60, రెట్టింపు 120, ముప్పై గంటలకు 3,600. ఇచ్చింది 2,340. ఇంకా రావలసింది 1,260. అందులో 360 భాగహారం వల్ల, 900 రెట్టింపుకు బదులు ఒకటిన్నర వేయడం వల్ల పోయింది.

ఇంటి అద్దె, ప్రయాణ భత్యాలను ఎందుకు కలపలేదని అడుగుతారు. ఇది ఎప్పటి ఓటీ అన్నదాన్ని బట్టి మారుతుంది. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఓటీకి ఆధారమైన మామూలు వేతనం అంటే బేసిక్‌తో పాటు కార్మికుడికి దక్కే భత్యాలన్నీ. బోనసు, ఓటీ డబ్బు మాత్రమే అందులోకి రావు. ఆ లెక్కన మీ 15,600 మొత్తాన్నీ 208తో భాగించాలి. గంటకు 75, రెట్టింపు 150, ముప్పై గంటలకు 4,500. 2025 నవంబరు 21కి ముందు చేసిన ఓటీ బకాయిలు ఉంటే ఈ పద్ధతిలో అడగండి. ఆ తర్వాత చేసినదానికి వేతనాల కోడ్ నిర్వచనం వస్తుంది. అందులో ఇంటి అద్దె, ప్రయాణ భత్యం వంటివి వేతనం కిందికి రావు. మరి బేసిక్‌ను నామమాత్రంగా పెట్టి అంతా భత్యాల్లో చూపిస్తే? దానికీ కోడ్ అడ్డు వేసింది. ఇలా మినహాయించిన మొత్తం అంతా కలిపిన పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలో కలపాలి. మీ విషయంలో మినహాయించినవి 3,120. సగం అంటే 7,800. అంతవరకు రాలేదు కాబట్టి 12,480 మీదే లెక్క. మీ జీతమే బేసిక్, డీఏ 6,000, మిగతా 9,600 భత్యాలు అని చూపించి ఉంటే, 7,800 దాటిన 1,800ను కలిపి వేతనం 7,800గా తీసుకోవాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మామూలు గంటకు అన్నీ కలిపి మీకు 75 రూపాయలు పడుతోంది. ఒకటిన్నర రెట్లు అని పేరు పెట్టి ఓటీ గంటకు ఇచ్చింది 78. ఎనిమిది గంటలు రాతి దుమ్ములో, నీళ్లలో నిలబడి, ఒళ్లు అలిసిపోయాక చేసిన తొమ్మిదో గంటకు మీకు అదనంగా వచ్చింది మూడు రూపాయలు. ఎన్ని రెట్లో ఒక్కటే చూసి సరిపెట్టుకోవద్దని నేను అనడం ఇందుకే.

గంటల సంగతికి వద్దాం. మీ 30 గంటలను వాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి ఈసారి గొడవ లేదు. కానీ ఎక్కువమందికి డబ్బు పోయేది ఇక్కడే. ఒక వారం తీసుకుందాం. మంగళవారం రిలీవర్ రాక 2 గంటల 45 నిమిషాలు ఉన్నారు. గురువారం 1 గంట 30 నిమిషాలు. శనివారం లోడింగ్ ఉండి 3 గంటల 15 నిమిషాలు. కలిపితే 7 గంటల 30 నిమిషాలు, అంటే ఏడున్నర. దీన్ని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు 2 గంటల 45 నిమిషాలను 2.45 అని, 1 గంట 30 నిమిషాలను 1.30 అని, 3 గంటల 15 నిమిషాలను 3.15 అని కొడతారు. కూడితే 6.90 వస్తుంది. గంటకు 60 నిమిషాలు, కానీ కంప్యూటర్ ఆ చుక్క తర్వాతిదాన్ని వందలో భాగంగా చదువుతుంది. నిజానికి అవి 2.75, 1.50, 3.25. కొన్ని చోట్ల ఇంకా సులువుగా నిమిషాలు తీసేసి 2, 1, 3 అని ఆరు గంటలు రాస్తారు. ఒక్క వారంలోనే గంటన్నర పోయింది. గంటకు 120 చొప్పున 180 రూపాయలు. ఇలాంటి వారాలు నెలకు నాలుగైతే 720.

టైం ఆఫీసులో ఎవరైనా దీన్ని చదువుతుంటే, వచ్చిన సమయం A2లో, వెళ్లిన సమయం B2లో ఉన్నప్పుడు ఈ సూత్రం వేసుకోండి:

```
=MOD(B2-A2,1)*24
```

ఇది గంటలను సరైన దశాంశంలో ఇస్తుంది, రాత్రి పన్నెండు దాటి వెళ్లినా తప్పు రాదు. గడిని మామూలు సంఖ్య రూపంలో పెట్టాలి, లేకపోతే మళ్లీ గడియారం సమయంలా కనిపిస్తుంది. వచ్చినదాంట్లోంచి భోజన విరామం తీసేయాలి, ఎందుకంటే విరామం పని గంటల్లోకి రాదు. అయితే విరామం నిజంగా ఇచ్చి ఉండాలి. రాయి కోసే గ్యాంగ్ సా నడుస్తోందని, బ్లాకు మధ్యలో ఉందని మిషను పక్కనే నిలబడి తినమని చెప్పి, హాజరు పట్టీలో అర గంట కోయడం అన్యాయం.

రాత్రి పన్నెండు విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. మధ్యాహ్నం 2 గంటలకు ఎక్కి రాత్రి 10కి దిగాల్సిన మనిషి తెల్లవారుజామున 2 వరకు ఉన్నాడనుకోండి. భోజన విరామం లెక్క పక్కన పెడితే, అది ఒకే రోజున 12 గంటల పని. కొన్ని పంచింగ్ మిషన్లు పన్నెండు దగ్గర తెంపి, 10 గంటలు ఒక తేదీకి, 2 గంటలు మరుసటి తేదీకి రాస్తాయి. చూడటానికి ఓటీ సగమైపోతుంది. అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలను ముందు రోజులోనే కలపాలని పాత చట్టంలోనూ ఉంది, కొత్త వృత్తి భద్రత కోడ్ సెక్షన్ 28లోనూ ఉంది. మీ దగ్గర రెండో షిఫ్టు ఉంటే ఆ తేదీల వరుసను ఒకసారి చూసుకోండి.

వారం పరిమితి 48 గంటలు. ఆరు రోజులూ ఎనిమిదేసి గంటలు వచ్చినవాడికి 48 నిండిపోతుంది కాబట్టి, ఆపైన చేసిన ప్రతి గంటా ఓటీయే. చిక్కు వచ్చేది ఒక రోజు సెలవు పెట్టినప్పుడు. సోమవారం రాలేదు, గురువారం 12 గంటలు చేశారు, మిగతా నాలుగు రోజులు ఎనిమిదేసి. వారం మొత్తం 44. "48 దాటలేదు, ఓటీ లేదు" అని చెప్పి ఆ రోజు అదనపు గంటలకు మామూలు రేటు వేస్తారు. ఇది తప్పు. రోజు పరిమితి దాటినా ఓటీయే, వారం పరిమితి దాటినా ఓటీయే. వృత్తి భద్రత కోడ్ ఇంకా స్పష్టంగా, రోజు లెక్క, వారం లెక్కల్లో కార్మికుడికి ఏది లాభమో దాన్నే తీసుకోవాలని చెబుతోంది. ఓటీకి బదులు ఇంకో రోజు సెలవు ఇస్తామన్నా అంతే. వారాంతపు సెలవు రోజున పని చేయిస్తే బదులు సెలవు ఇవ్వడం వేరే సంగతి, పరిమితి దాటిన గంటకు రెట్టింపు ఇవ్వడం వేరే సంగతి.

ఓటీ డబ్బు మీద పీఎఫ్ కోయకూడదు. ఓటీ భత్యం పీఎఫ్ లెక్కలోకి రాదు. మీ 2,340 మీద 12 శాతం కోసి ఉంటే అది కూడా అడగండి.

ఇక మీ చెల్లెలి సంగతి. కిలోల లెక్కన చేసేవాళ్లకు ఓటీ ఉండదు అన్న మాట రొయ్యల ప్లాంటుల్లో తరచుగా వినిపిస్తుంది, అది నిజం కాదు. తల తీయడం, పొట్టు ఒలవడం, నరం తీయడం కిలో రేటు మీద నడుస్తాయి కాబట్టి "ఎక్కువసేపు ఉంటే ఎక్కువ కిలోలు, ఎక్కువ డబ్బు, ఇంక ఓటీ ఎందుకు" అంటారు. ఎక్కువ కిలోలకు వచ్చేది మామూలు కూలి. పరిమితి దాటిన గంటకు చట్టం అడిగేది రెట్టింపు. రెట్టింపు చేయాలంటే గంట రేటు కావాలి, దాన్ని తేల్చే దారి 1948 చట్టం సెక్షన్ 59లోనే చూపించారు. నేను ఇప్పటికీ దాన్నే వాడమంటాను, ఎందుకంటే అంతకంటే న్యాయమైన దారి నాకు కనిపించలేదు.

ఓటీ చేసిన నెలకు ముందు నెల తీసుకోవాలి. ఆ నెలలో అదే పని మీద ఆమె పూర్తి రోజులు పనిచేసి సంపాదించినదాన్ని, నిజంగా పనిచేసిన రోజులతో భాగించాలి. ఓటీ డబ్బు అందులో కలపకూడదు. ఆమె ముందు నెల 24 రోజులు వెళ్లి, ఓటీ కాకుండా 12,000 రూపాయలు తెచ్చుకుందనుకుందాం. రోజుకు సగటున 500. ఎనిమిదితో భాగిస్తే గంటకు 62 రూపాయల 50 పైసలు. ఇది ఆమె మామూలు గంట రేటు. దీనికి ఒకటిన్నర వేస్తే 93 రూపాయల 75 పైసలు, చట్టం ప్రకారం రెట్టింపు వేస్తే 125. ఈ నెలలో 20 గంటలు ఓటీ చేసి ఉంటే 2,500 రావాలి. ఆ 20 గంటల్లో ఒలిచిన కిలోలకు ఇప్పటికే 1,200 ఇచ్చి ఉంటే, మిగతా 1,300 అడగాలి.

ఇక్కడ భాగహారం 26 కాదని గమనించండి. కిలో రేటు మీద పనిచేసేవాళ్లకు రాని రోజు డబ్బు లేదు. కాబట్టి వెళ్లిన రోజులతోనే భాగించాలి. 26తోనో 30తోనో భాగిస్తే ఆమె రాని రోజులను కూడా లెక్కలో పడేసి సగటు తగ్గించినట్లు. 12,000ను 30తో భాగిస్తే రోజుకు 400, గంటకు 50 అవుతుంది. అదే ఓటీకి రెట్టింపు వేసినా 100 దాటదు.

రొయ్యల పనిలో ఇంకో చిక్కు, సరుకు కోసం ఎదురుచూసే సమయం. చెరువుల నుంచి లారీ ఆలస్యంగా వస్తుంది. ఉదయం ఏడింటికి పిలిపించి, పదింటి వరకు టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, సాయంత్రం ఏడింటి దాకా చేయించి, ఆ మూడు గంటలను పని కాదంటారు. ఆమె ప్లాంటు లోపల, సూపర్‌వైజర్ మాట కింద, బయటకు వెళ్లే వీలు లేకుండా ఉంటే అది పని సమయమే. కిలోలు లేకపోయినా గంటలు ఉన్నాయి. అందుకే గేటు లోపలికి వెళ్లిన సమయం, బయటకు వచ్చిన సమయం రెండూ ఆమె సొంతంగా రాసుకోవాలి. కిలోల చీటీ ఒక్కటే దాచుకుంటే గంటలకు ఆధారం ఉండదు.

ఆమె కాంట్రాక్టరు కింద ఉంటే ముందు అడగాల్సింది కాంట్రాక్టరునే. అతను ఇవ్వకపోతే బాధ్యత ప్లాంటు యజమానిదే. "నువ్వు మా రోల్స్‌లో లేవు" అని చేతులు దులుపుకునే వీలు వేతనాల కోడ్‌లో లేదు.

మీ ఇద్దరూ ముందు చేయాల్సింది గొడవ కాదు, ఒక కాగితం మీద ఈ లెక్క రాసి అకౌంట్స్‌కు ఇవ్వడం. పైన తేదీలవారీగా గంటలు, కింద గంట రేటు ఎలా వచ్చిందో ఒక వరుస, ఇచ్చింది, రావలసింది, తేడా. సెక్షన్ పేరు ఒక్కసారి రాయండి చాలు. రెండు కాపీలు తీసి ఒకదాని మీద అందినట్లు సంతకం అడగండి. సంతకం పెట్టకపోతే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. చాలా చోట్ల భాగహారం తప్పును అక్కడికక్కడే సరిచేస్తారు, ఎందుకంటే 240 ఎందుకు వాడారో చెప్పుకోవడానికి వాళ్ల దగ్గరా జవాబు ఉండదు. రెట్టింపు విషయంలో మాత్రం "యాజమాన్యాన్ని అడగాలి" అంటారు. అప్పుడు మీరు ఒంగోలులో, మీ చెల్లెలు నెల్లూరులో కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. పే స్లిప్పులు, పంచింగ్ ఫొటోలు, సూపర్‌వైజర్ "ఈ రోజు ఆగండి" అని పంపిన ఫోను మెసేజీలు, మీ సొంత నోటుపుస్తకం అన్నీ తీసుకెళ్లండి. మెసేజీలను ఫోను మార్చేలోపే ప్రింటు తీయించుకోండి. నలుగురైదుగురికి ఇదే తేడా ఉంటే కలిసి వెళ్లండి, ఒక్కరి మీద కోపం పడకుండా ఉంటుంది.

కొత్త వేతనాల కోడ్ ప్రకారం డబ్బు రావలసిన నాటి నుంచి మూడేళ్ల లోపు దావా వేయవచ్చు. కాబట్టి పోయిన నెలతో ఆపకండి. దొరికినంతవరకు పాత పే స్లిప్పులు తీసి, ప్రతి నెల ఓటీ డబ్బును గంటలతో, ఆపైన 1.5తో భాగించి, వాళ్లు వాడిన గంట రేటు ఎంతో ఒక వరుసలో రాసుకోండి. జీతం పెరిగిన నెలలో ఆ రేటు కూడా పెరిగిందో లేదో చూడండి. బేసిక్ పెంచి ఓటీ రేటును పాతదే ఉంచేయడం కూడా జరుగుతుంటుంది, అది ఈ వరుసలో వెంటనే కనిపిస్తుంది. ఆ వరుస రాసుకున్నాక ఎక్కడైనా అనుమానం వస్తే ఆ నెల అంకెలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.